రివిజన్ టైమ్ టేబుల్ – 4వ పాఠం: బాకీ రోజులు

పోయిన పాఠంలో నేనొక పొరపాటు చేశాను. వారం పట్టిక గీయించి, బుధవారం, ఆదివారం గళ్ళు ఖాళీగా వదలమని, వాటి సంగతి తర్వాత చెప్తానని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. మీరు పంపిన పట్టికల్లో ఆ గళ్ళన్నీ నిండిపోయి కనిపించాయి. ఎక్కువమంది అక్కడ డిస్క్రీట్ మ్యాథ్స్ కుక్కారు. ఒకరైతే ఆదివారం మీద "మిగిలినవన్నీ" అని రాశారు. ఏం మిగులుతుందో ముందే తెలిసినట్టు! కాబట్టి ఈసారి చెబుదామనుకున్న పాఠం పక్కన పెట్టి, ఆ రెండు గళ్ళ గురించే మాట్లాడుకుందాం. అవే మన బాకీ రోజులు.

పట్టిక మరిచిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నాను. మన ఉదాహరణ జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 సిలబస్‌లో సీఎస్ఈ రెండో ఏడు రెండో సెమిస్టర్. డిస్క్రీట్ మ్యాథ్స్, ఓఎస్, డీబీఎంఎస్, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, బిజినెస్ ఎకనామిక్స్ పేపరైన బెఫా అని ఐదు థియరీ పేపర్లు. పేపరుకు ఐదు యూనిట్లు. సెకండ్ మిడ్ వారాన్ని, ఆ తర్వాత వచ్చే ప్రాక్టికల్స్, ప్రిపరేషన్ సెలవుల వారాన్ని తీసేస్తే చేతికి నాలుగు వారాలు వచ్చాయి. వారానికి ఐదు పనిరోజులు, రోజుకు గంట చొప్పున రెండు స్లాట్లు. సోమవారం మ్యాథ్స్, ఓఎస్. మంగళవారం డీబీఎంఎస్, సాఫ్ట్‌వేర్. గురువారం బెఫా, మ్యాథ్స్. శుక్రవారం ఓఎస్, డీబీఎంఎస్. శనివారం సాఫ్ట్‌వేర్, బెఫా. ప్రతి సబ్జెక్టూ వారానికి రెండుసార్లు తిరుగుతుంది. నాలుగు వారాల్లో ఒక్కోదానికి ఎనిమిది స్లాట్లు. స్లాట్‌లో ఎలా చదవాలో నేను చెప్పను, అది మీకు తెలుసు.

ఇప్పుడు ఎవరికెన్ని స్లాట్లు కావాలో చూడండి. తేలిక యూనిట్‌కు ఒకటి, గట్టి యూనిట్‌కు రెండు అని మొదటి పాఠంలోనే లెక్క వేసుకున్నాం. మ్యాథ్స్‌లో గట్టివి మూడు కాబట్టి ఎనిమిది కావాలి. ఓఎస్‌కూ అంతే. డీబీఎంఎస్‌కు ఏడు, బెఫాకు ఆరు, సాఫ్ట్‌వేర్‌కు ఆరు. మొత్తం ముప్ఫై ఐదు. ఉన్నవి నలభై. "ఐదు స్లాట్లు మిగిలాయి కదా సర్, ఇంకా ఖాళీ రోజులెందుకు?" అని నల్గొండ నుంచి ఒకబ్బాయి అడిగాడు. మిగిలింది ఎవరి దగ్గరో చూడు బాబూ. డీబీఎంఎస్ దగ్గర ఒకటి, బెఫా దగ్గర రెండు, సాఫ్ట్‌వేర్ దగ్గర రెండు. మ్యాథ్స్ దగ్గర, ఓఎస్ దగ్గర సున్నా. ఏ రెండు సబ్జెక్టులకు భయపడుతున్నామో వాటికే ఊపిరి తీసుకునే చోటు లేదు. బుధ, ఆదివారాలు ఉన్నది ముఖ్యంగా ఆ రెండింటి కోసం.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతికి వస్తాను. దాన్ని 'జరపడం' అంటాను.

ఖమ్మం అమ్మాయి ఒకరు తన పట్టిక ఫొటో తీసి పంపింది. రెండో వారంలో మేనత్త కొడుకు పెళ్ళి, గురు శుక్రవారాలు పోయాయి. మూడో వారం మంగళవారం ల్యాబ్ రికార్డు సంతకాల చివరి రోజు, రాత్రి పదకొండు దాకా రికార్డే రాసింది. మొత్తం మూడు రోజులు, ఆరు స్లాట్లు. బుధ, ఆదివారాల్లో ముందే మ్యాథ్స్ లెక్కలు నింపేసుకుంది కాబట్టి వాటిని కదపలేదు. పోయిన గురువారం పని శనివారానికి, శనివారం పని మంగళవారానికి, అలా చివరిదాకా బాణం గుర్తులు వేసుకుంటూ పోయింది. పట్టిక నిండా బాణాలే.

అలా జరిపినప్పుడు కింద నుంచి పడిపోయేవి నాలుగో వారం గురు, శుక్ర, శనివారాల పనులు. ఆ మూడు రోజుల్లో ఉన్న బెఫా, సాఫ్ట్‌వేర్, డీబీఎంఎస్ స్లాట్లు ఎలాగూ మిగులు స్లాట్లు, పోయినా నష్టం లేదు. నష్టమంతా రెండు చోట్లే: మ్యాథ్స్ ఎనిమిదో స్లాట్, ఓఎస్ ఎనిమిదో స్లాట్. అంటే గ్రాఫుల యూనిట్ సగం, ఓఎస్ ఆఖరి యూనిట్ సగం. పెళ్ళి వల్ల పోయినవాటిలో బెఫా ఉంది, రికార్డు వల్ల పోయినవాటిలో సాఫ్ట్‌వేర్ ఉంది. అయినా చివరికి తెగింది మ్యాథ్స్, ఓఎస్. పట్టికను జరిపితే ఎప్పుడూ ఇలాగే అవుతుంది. ఏ సబ్జెక్టుకు ఎక్కువ స్లాట్లు కావాలో దాని తోకే తెగుతుంది. పైగా అది తెగిన సంగతి నాలుగో వారం దాకా కంటికి కనబడదు, ఎందుకంటే రోజూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటాం.

కొందరు జరపరు, పోయినదాన్ని మర్నాడే కుక్కుతారు. శనివారం రెండు స్లాట్ల చోట ఆరు. అది మొదటి స్లాట్ దాటదు. దాని గురించి ఇంతకంటే రాయను.

సరే, అదే అమ్మాయి అవే మూడు రోజులు పోగొట్టుకుని ఏం చేయాల్సిందో చూద్దాం. పట్టిక పక్కన ఒక చీటీ పెట్టుకోవాలి. నేను క్యాలెండర్ నుంచి చించిన పాత నెల కాగితం వెనకవైపు వాడతాను, పెన్సిల్‌తో. ఫోన్‌లో రాస్తే మర్నాటికి గుర్తుండదు నాకు. ఆ చీటీ మీద 'బాకీ' అని రాసి, పోయిన స్లాట్లు ఒక్కోటీ రాయాలి. పట్టికలో ఒక్క గడి కూడా కదలదు. శనివారం ఏం రాసి ఉందో శనివారం అదే చదవాలి.

పెళ్ళి బాకీ నాలుగు: బెఫా, మ్యాథ్స్, ఓఎస్, డీబీఎంఎస్. ఒక్కోదాన్ని పట్టుకుని ముందు అడగాల్సింది, దీనికి సొంత మిగులు ఉందా అని. బెఫాకు ఉంది, నాలుగో వారం గురువారం స్లాట్ ఖాళీ. బాకీ అక్కడికి వెళ్ళిపోతుంది. డీబీఎంఎస్‌కూ నాలుగో వారం శుక్రవారం ఒకటుంది. కానీ ఇక్కడ రెండో ప్రశ్న అడగాలి: ఇది చదవకుండా దీని తర్వాతి స్లాట్ అర్థమవుతుందా? ఆ అమ్మాయికి ఆ శుక్రవారం పోయింది నార్మలైజేషన్. తర్వాత వచ్చేది ట్రాన్సాక్షన్లు. నార్మల్ ఫామ్స్ రాకపోయినా సీరియలైజబిలిటీ చదువుకోవచ్చు. కాబట్టి రెండు వారాలు ఆగినా ఫరవాలేదు, నాలుగో వారానికి పంపేయొచ్చు. మ్యాథ్స్‌కు, ఓఎస్‌కు మిగులు లేదు. అవి రెండూ ఆ ఆదివారానికే. సోమవారం మళ్ళీ ఆ రెండే వస్తాయి, ఈలోపు బాకీ తీరిపోవాలి. నాలుగు స్లాట్లు పోతే ఆదివారం మీద పడింది రెండే.

మూడో వారం మంగళవారం పోయినవి డీబీఎంఎస్, సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్‌కు నాలుగో వారం మంగళవారం సొంత మిగులు ఉంది, అక్కడికి. డీబీఎంఎస్ మిగులు అప్పటికే వాడేశాం. పైగా పోయింది ట్రాన్సాక్షన్ల మొదటి గంట, శుక్రవారం రావాల్సింది దాని రెండో గంట. మొదటిది లేకుండా రెండోది కుదరదు. కాబట్టి మర్నాడు బుధవారం, ఒక్క స్లాట్. అయిపోయింది. నాలుగో వారం శనివారానికి మ్యాథ్స్, ఓఎస్ రెండూ పూర్తయ్యాయి, ఇంకా మూడు బుధవారాలు, మూడు ఆదివారాలు ఎవరూ ముట్టలేదు.

బుధవారం ఒక్క స్లాటే, ఆదివారం గరిష్ఠంగా మూడు. నాలుగోది పెట్టుకుంటారు మీరు, నాకు తెలుసు. పెట్టుకోవద్దు. ఆదివారానికి మూడు కంటే ఎక్కువ బాకీ వరుసగా రెండు వారాలు మిగిలిందంటే ఆ తప్పు బాకీ రోజులది కాదు. మొదటి పాఠంలో తేలిక అని గుర్తు పెట్టుకున్న యూనిట్లలో కొన్ని తేలిక కాదన్నమాట. వెనక్కి వెళ్ళి లెక్క మళ్ళీ వేసుకోండి.

చీటీ మీద ఏమీ లేని ఆదివారం వస్తే సోమవారం పని ముందుకు లాక్కోకండి. ఒకసారి లాక్కున్నవాళ్ళు తర్వాతి వారం నుంచి ఆదివారాన్ని ఆరో పనిరోజుగా లెక్కేసుకుంటారు, బాకీ వచ్చిన రోజున పెట్టడానికి చోటుండదు. నేనైతే పాత పేపర్ నుంచి పార్ట్-బి ప్రశ్న ఒకటి తీసి, అరగంటలో పుస్తకం చూడకుండా రాసి, పుస్తకం మూసేయమంటాను. పార్ట్-బిలో పది మార్కుల ప్రశ్నలు ఐదు రాయాలి, పార్ట్-ఏకు ఒక అరగంట పోతే మూడు గంటల్లో ఒక్కోదానికి మిగిలేది అరగంటే.

చివరి వారం, అంటే ప్రిపరేషన్ సెలవుల వారం, బాకీ రోజులు వేరు. అక్కడ చూడాల్సింది పరీక్షల మధ్య ఉన్న ఖాళీ. మ్యాథ్స్ సోమవారం, ఓఎస్ బుధవారం, డీబీఎంఎస్ శుక్రవారం, సాఫ్ట్‌వేర్ తర్వాతి సోమవారం, బెఫా ఆ బుధవారం అనుకుందాం. సాఫ్ట్‌వేర్‌కు ముందు శని, ఆదివారాలు వాటంతటవే దొరుకుతాయి, ప్రిపరేషన్ సెలవుల్లో దానికి ఒక్క రోజు కూడా ఇవ్వను. మొదటి పేపర్‌కు ముందు ఆదివారం ఎలాగూ మ్యాథ్స్‌దే. ఓఎస్ సంగతి చూడండి: దానికి మంగళవారం ఒక్కటే ఉంది, అదీ మ్యాథ్స్ రాసి అలసిపోయిన మర్నాడు. అందుకని మ్యాథ్స్‌కు ఇచ్చిన ఆ ఆదివారానికి ముందు రోజు, అంటే శనివారం, ఓఎస్‌కు రాసిపెట్టండి. అందరూ శని, ఆదివారాలు రెండూ మొదటి పేపర్‌కే ధారపోస్తారు, బుధవారం పొద్దున బ్యాంకర్స్ అల్గారిథమ్ వెతుక్కుంటారు. ఆ శనివారానికి ముందు శుక్రవారం మాత్రం ఏమీ రాయకండి. ప్రాక్టికల్ బ్యాచ్ తేదీ మారితే అది పడేది అక్కడే.

అభ్యాసం. మీ పట్టికలోని ఇరవై పనిరోజులకు ఇరవై చీటీలు రాసి మడిచి గిన్నెలో వేయండి. ఇంట్లో ఎవరిచేతైనా మూడు తీయించండి. ఆ మూడు రోజులు పోయాయనుకుని, ఒక్క గడి కూడా జరపకుండా ఆరు స్లాట్లనూ మిగులు స్లాట్లలో, బుధవారాల్లో, ఆదివారాల్లో సర్దండి. ప్రతి బాకీ పక్కన అది అక్కడికే ఎందుకు వెళ్ళిందో ఒక ముక్క రాయండి. ఇలా ఐదుసార్లు చేయాలి, చీటీలు మళ్ళీ గిన్నెలో వేసి. ఐదింటిలో రెండుసార్లు సర్దుబాటు కాకపోతే పట్టిక మార్చి, మళ్ళీ మొదటి నుంచి ఐదుసార్లు. వచ్చే పాఠానికి పట్టికలు పంపేటప్పుడు బాకీ చీటీ కూడా జతచేయండి. బాణాలున్న పట్టిక చూడను.