ట్రెకియాస్టమీ సక్షన్ చేస్తుంటే సాచురేషన్ పడిపోతోందా?

సమస్య: 8 మి.మీ. ట్యూబ్ ఉన్న రోగికి గొంతులో గరగర వినిపిస్తే సిస్టర్ సక్షన్ మొదలుపెట్టారు. 97 ఉన్న సాచురేషన్ చూస్తుండగానే 84కి జారింది. పల్స్ 92 నుంచి 54కి దిగింది.

వెంటనే: కాథెటర్ బయటకు తీసి 100 శాతం ఆక్సిజన్ ఇవ్వండి. చాలామంది దీంతోనే కోలుకుంటారు. పల్స్ పెరగకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను పిలవండి.

కారణం: సక్షన్ కఫంతోపాటు ఊపిరితిత్తుల్లోని గాలినీ లాగేస్తుంది. ఇక్కడ వాడింది 16 నంబర్ కాథెటర్. నంబర్‌ను 3తో భాగిస్తే దాని మందం మి.మీ.లలో వస్తుంది, అంటే 5 దాటింది. ట్యూబ్ లోపలి వెడల్పులో సగానికి మించింది కాబట్టి పక్కల నుంచి గాలి వెళ్లే దారి సరిపోలేదు. ముందు ఆక్సిజన్ ఇవ్వలేదు, పైగా కాథెటర్ చాలాసేపు లోపలే ఉంది. పల్స్ తగ్గడానికి ఆక్సిజన్ కొరతతోపాటు, కాథెటర్ శ్వాసనాళపు గోడకు తగిలి వేగస్ నరం ప్రేరేపితం కావడమూ కారణమే.

పరిష్కారం: ఈ ట్యూబ్‌కు 12 నంబర్ చాలు. ప్రెషర్ 80 నుంచి 120 మి.మీ. మెర్క్యురీ మధ్య పెట్టండి. కఫం చిక్కగా ఉందని ప్రెషర్ పెంచితే ముందు గాయమయ్యేది లోపలి పొరకే. సక్షన్‌కు ముందు 30 నుంచి 60 సెకన్లు 100 శాతం ఆక్సిజన్ ఇవ్వండి. వెంటిలేటర్ మీద ఉంటే అందులోని బటన్‌తోనే ఇవ్వొచ్చు.

స్టెరైల్ గ్లవ్ వేసిన చెయ్యి కాథెటర్‌ను మాత్రమే పట్టుకోవాలి, ట్యూబింగ్, స్విచ్‌లు రెండో చేతి పని. లోపలికి దించేటప్పుడు సక్షన్ వద్దు. అడ్డు తగిలితే 1 సెం.మీ. వెనక్కి లాగి, బయటకు తీస్తూ మాత్రమే సక్షన్ ఇవ్వండి. దించడం, తీయడం కలిపి 10-15 సెకన్లలో పూర్తవ్వాలి. సాచురేషన్ మళ్లీ మొదటి స్థాయికి వచ్చాకే రెండోసారి. నోట్లో పెట్టిన కాథెటర్‌ను తిరిగి ట్యూబ్‌లో పెట్టకూడదు. కఫం పలచబడుతుందని ప్రతిసారీ సెలైన్ పోసే అలవాటు మానుకోవడం మంచిది. కఫం చిక్కబడుతుంటే హ్యూమిడిఫికేషన్ సరిచూడాలి.

కాథెటర్ అసలు దిగకపోతే: ట్యూబ్ కఫంతో మూసుకుపోయి ఉండొచ్చు, జరిగిపోయి ఉండొచ్చు. నెట్టకండి, ఆంబు బ్యాగ్‌తో బలంగా ఊదకండి. ట్యూబ్ పక్కదారిలో ఉంటే ఆ గాలి మెడ చర్మం కింద చేరుతుంది. సాయానికి పిలుస్తూనే ముఖానికీ, మెడ రంధ్రానికీ రెండుచోట్లా ఆక్సిజన్ పెట్టండి. ఇన్నర్ కాన్యులా తీసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ దిగకపోతే కఫ్ గాలి తీసేయండి, నోటి దారిన కొంతైనా ఊపిరి ఆడొచ్చు. ఆపరేషన్ అయి వారం కాకపోతే దారి ఇంకా గట్టిపడదు, ఒంటరిగా ట్యూబ్ మార్చే ప్రయత్నం చేయొద్దు. మంచం పక్కన అదే సైజు ట్యూబ్ ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ ఉండాలి.

కఫంలో రక్తం కనిపిస్తే: చిన్న చారలైతే ఎక్కువగా కాథెటర్ గాయమే. లోతు, ప్రెషర్ తగ్గించండి. మూడు రోజులు దాటాక తాజా రక్తం కాస్త ఎక్కువగా వస్తే, అది దానంతటదే ఆగిపోయినా సర్జన్‌కు చెప్పాల్సిందే. ట్యూబ్ ఒరుసుకుని పెద్ద ధమని దెబ్బతింటే ముందు ఇలాగే కొద్దిగా వచ్చి ఆగి, తర్వాత ఒక్కసారిగా పొంగుతుంది.