కొత్త హెయిర్ డై వేసుకునే ముందు: దురద పొక్కులు అలర్జీయా, ఇన్ఫెక్షనా?

మా అత్తయ్య ఒక శనివారం సాయంత్రం కొత్త రకం డై వేసుకున్నారు. ఆ రాత్రి, మర్నాడు ఏ ఇబ్బందీ లేదు. సోమవారం తెల్లవారుజామున చెవుల వెనక దురదతో మెలకువ వచ్చింది. మధ్యాహ్నానికి నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట ఆవగింజలంత నీటిపొక్కులు వరుసగా లేచాయి, కనురెప్పలు ఉబ్బాయి. "డై వేసుకుని రెండు రోజులైంది కదా, ఇది వేరే ఏదో ఇన్ఫెక్షన్" అనుకుని ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాశారు. దురద రెట్టింపైంది. అలాంటి ఆయింట్‌మెంట్లలో ఉండే నియోమైసిన్ కూడా కొందరికి పడదు.

నిజానికి ఆ రెండు రోజుల ఆలస్యమే అలర్జీకి ఆనవాలు. ఈ రకం అలర్జీ సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. నల్లరంగు డైలలో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం దీనికి పేరుమోసిన కారణం. ఇదివరకు ఎన్నోసార్లు వాడినా ఏమీ కాలేదన్నది భరోసా కాదు. ఆ వాడకంలోనే ఒంటికి అది పడకుండా పోవచ్చు, ఒకసారి పడకపోతే సాధారణంగా జీవితాంతం పడదు.

అందుకే డై వేసుకోవడానికి 48 గంటల ముందు, పెట్టె మీద చెప్పినట్టు కొద్దిగా చెవి వెనక గానీ మోచేతి మడతలో గానీ రాసి చూడండి. దురద, ఎరుపు కనిపిస్తే తలకు వేయవద్దు. డై కాకుండా, ఒంటికి రాసుకునే కొత్త క్రీమునైతే మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు వారం పాటు రాసి చూడవచ్చు. సబ్బును మాత్రం ఇలా రాసి వదిలేయకూడదు. కడగకుండా ఉంచితే ఏ సబ్బయినా చర్మాన్ని మండిస్తుంది.

పొక్కులు వచ్చాక తేడా ఎలా తెలుస్తుంది? అలర్జీలో దురదదే పైచేయి. వస్తువు తగిలిన మేర మచ్చ ఉంటుంది, పొక్కుల్లో తేటనీరు ఉంటుంది, అది ఇతరులకు అంటదు. ఇన్ఫెక్షన్‌లో నొప్పి ఎక్కువ. ఆ చోటు వేడిగా ఉంటుంది, చీము పడుతుంది లేదా తేనెరంగు చెక్కు కడుతుంది, ఎరుపు రోజురోజుకూ విస్తరిస్తుంది, జ్వరం రావచ్చు. శరీరానికి ఒకవైపే పట్టీలా, ముందు మంటతో మొదలైతే సర్పి కావచ్చు. గోళ్ళతో గీరితే అలర్జీ పుండే ఇన్ఫెక్షన్‌గా మారుతుంది కాబట్టి రెండూ కలిసి ఉండటమూ అరుదు కాదు.

అలర్జీ అనిపిస్తే మిగిలిన డైని నీటితో బాగా కడిగి, చల్లని తడిగుడ్డ పది నిమిషాలు వేయండి. పొక్కులు చిదమవద్దు. స్టిరాయిడ్, యాంటీఫంగల్ కలిసిన క్రీములు సొంతంగా రాయవద్దు, తామర ఉంటే దాని రూపమే మారిపోయి డాక్టరుకు గుర్తుపట్టడం కష్టమవుతుంది. కళ్ళు మూసుకుపోయేంత వాపు వచ్చినా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా అదే రోజు డాక్టరును కలవండి. ఊపిరి ఆడకపోతే క్షణం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

వెళ్ళేటప్పుడు డై పెట్టె తీసుకెళ్ళండి. అత్తయ్య పెట్టె పారేశారు, అందులో ఏముందో డాక్టరుకు చెప్పలేకపోయారు.