చాట్‌బాట్ ప్రతిపాదన ఎండీ గారి టేబుల్ మీదే ఆగిపోతోందా?

ఆస్పత్రి ఐటీ తరఫున రోగుల సమాచార చాట్‌బాట్ కోసం ప్రతిపాదన రాయడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఖర్చు, కొటేషన్లు, ఎన్ని నెలలు పడుతుంది, ఇవన్నీ వదిలేస్తున్నా. ఫైలు దెబ్బతినేది ఎప్పుడూ రిస్కుల పేజీలోనే.

లక్షణం: ఎవరూ ప్రశ్నలు అడగరు, "తర్వాత చూద్దాం" అని ఫైలు వెనక్కి వస్తుంది

కారణం: "తప్పుడు సమాచారం వెళ్లే అవకాశం" అని రాసి, ఎదురుగా "తగిన చర్యలు తీసుకుంటాం" అని పెట్టారు. దాన్ని నమ్మి ఎవరు సంతకం పెడతారు?

పరిష్కారం: రిస్కును జరిగే సంఘటనలా రాయండి. పొట్ట అల్ట్రాసౌండ్‌కు పరగడుపున రావాలన్న సూచన కొత్త పీడీఎఫ్‌లో ఉంది, పాతదాంట్లో లేదు. బాట్ పాతది చూసి చెప్పింది, రోగి టిఫిన్ చేసి వచ్చాడు, స్లాట్ పోయింది. ఇలా రాస్తే రక్షణ కూడా దానంతటదే తేలుతుంది: పాత ఫైలు తీసేయాలి, ప్రతి ఫైలుకూ ఒక బాధ్యుడు ఉండాలి. "బాట్ చెప్పింది, మాకేం సంబంధం" అనే దారి ఉందనుకునే వాళ్లకు ఎయిర్ కెనడా కేసు చూపించండి. చాట్‌బాట్ చెప్పిన తప్పుకు కంపెనీదే బాధ్యత అని అక్కడి ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో తేల్చింది.

లక్షణం: డెమో బ్రహ్మాండం, ట్రయల్ మొదలవగానే మెడికల్ సూపరింటెండెంట్ గారు ఆపేయమంటారు

నా చేయి కాలింది ఇక్కడే. ప్రతిపాదనలో "బాట్ వైద్య సలహా ఇవ్వదు, ఎమర్జెన్సీ అయితే క్యాజువాలిటీకి పంపుతుంది" అని ధీమాగా రాశాను. వెండర్ డెమోలో "chest pain" అని కొడితే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వచ్చింది. తెలుగు లిపిలో "ఛాతీ నొప్పి" అన్నా వచ్చింది. అందరం తలూపాం.

ట్రయల్‌లో మా స్టాఫ్ నర్సు ఒకావిడ తన ఊళ్లో వాళ్లు రాసే తీరులో ఇలా టైప్ చేసింది:

```
nannaki gunde pattesinattu undi chematalu, cardio op eppudu
```

బాట్ మర్యాదగా "కార్డియాలజీ ఓపీ రేపు ఉదయం 9 గంటలకు" అని చెప్పింది. గుండె పట్టేసి చెమటలు పడుతున్న మనిషిని రేపటిదాకా ఆగమన్నట్టు!

కారణం రెండు పొరల్లో ఉంది. మన రోగులు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగ్. వెండర్ పదాల జాబితాలో అవి లేవు. రెండోది ఇంకా దొంగది: వాళ్లు అడిగింది ఓపీ టైమింగే. మాటల్లో అది మామూలు ప్రశ్న, లోపల ఎమర్జెన్సీ దాగుంది. బాట్ ప్రశ్నకు మాత్రమే జవాబిచ్చింది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఫ్రంట్ ఆఫీస్ వాట్సాప్ తెరిచి ఒక గంట చదివితే చాలు. ప్రతిసారీ అందరూ ఎగరేసేది ఈ గంటనే.

పరిష్కారం: ఆ మెసేజ్‌ల నుంచి పేర్లు, నంబర్లు తీసేసి ఒక పరీక్ష జాబితా కట్టండి. ఆయాసం ఒక్కదాన్నే ఎన్ని రకాలుగా రాస్తారో చూడండి:

```
aayasam / ayasam / oopiri aadatledu / upiri andatam ledu
```

మెసేజ్‌లో ఇలాంటి మాటలున్నాయా అన్న తనిఖీ బాట్ జవాబు తయారు చేయకముందే జరగాలి. ఎమర్జెన్సీ లక్షణం దొరికితే ఓపీ టైమింగ్ ఊసే రాకూడదు. క్యాజువాలిటీ డాక్టర్ రాసి సంతకం చేసిన ఒకే స్థిర జవాబు, మా క్యాజువాలిటీ నంబరు, 108. అలాగని "gunde" అన్న ప్రతిచోటా గంట మోగించకండి. "gunde doctor unnara" అన్నవాళ్లకూ హెచ్చరిక వస్తే వారంలో స్టాఫ్ వాటిని చూడటం మానేస్తారు. అవయవం పేరుతో పాటు నొప్పి, చెమట, పట్టేయడం లాంటిది ఉంటేనే మోగాలి. అనుమానం వస్తే మాత్రం మోగడమే మేలు.

ప్రతిపాదనలో ఇలా పెట్టాను, ఈసారి సంతకం పడింది: "పరీక్ష జాబితాలో ఒక్క ఎమర్జెన్సీ మెసేజ్ తప్పినా రోగులకు తెరవం. బాధ్యత: క్యాజువాలిటీ ఇన్‌చార్జ్. కొత్త మాటలు దొరికితే నెలనెలా కలుపుతాం." జవాబులో పెట్టిన క్యాజువాలిటీ నంబరుకు రాత్రి రెండింటికి మీరే ఫోన్ చేసి చూడండి. మా ఫోన్ తాళం వేసిన రిసెప్షన్ సొరుగులో మోగుతోంది.

లక్షణం: లీగల్ వాళ్లు కొర్రీ వేశారు

చాట్ కాపీలు వెండర్ సర్వర్‌లో ఎన్నాళ్లుంటాయో రాయలేదు, అంతే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం వెండర్ తప్పు చేసినా జవాబుదారీ ఆస్పత్రే. భద్రత లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ఎన్ని రోజులకు చెరిపేస్తారో ఒప్పందంలో రాయించండి. ఓపీ టైమింగ్ చెప్పడానికి ఆధార్ అడిగే ఫారం ఉంటే ఈరోజే తీసేయండి.

బాట్‌ను ఎవరో మాయమాటలతో దారి తప్పిస్తారని, సర్వర్ పడిపోతుందని కూడా అడుగుతారు. బాట్‌కు రోగుల రికార్డులు అందకుండా ఉంచితే మొదటిదానితో పెద్ద నష్టం లేదు. రెండోదానికి ఫ్రంట్ ఆఫీస్ ఫోన్ ఉండనే ఉంది.