వాక్య కార్డుకు ముందు పై వచనం చదవండి

చిత్తూరులోని మా సంఘం ఛానెల్‌కు వారానికి సరిపడా ఏడు వాక్య కార్డులను శనివారమే సిద్ధం చేసేటప్పుడు, ప్రతి వచనానికి ముందు వెనుకలున్న వచనాలను చదివిన తర్వాతే ధ్యానం రాస్తాను. యిర్మీయా 29:11ను ఒంటరిగా కార్డుపై వేస్తే, అది వెంటనే ఉద్యోగమో పెళ్లో కుదురుతుందన్న వాగ్దానంలా వినిపిస్తుంది; కానీ అది బబులోనుకు చెరపట్టబడిన వారికి రాసిన లేఖలోని మాట, దానికి పైనున్న పదో వచనం 70 సంవత్సరాల నిరీక్షణను చెబుతుంది. అందుకే కార్డుపై పదకొండో వచనాన్ని మాత్రమే ఉంచి, ధ్యానాన్ని తోటలు నాటుకొమ్మనే అయిదో వచనంతో మొదలుపెట్టాను, ఎందుకంటే మామిడి మొక్క నాటి కాపుకోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే మా వారికి ఆ మాట సులభంగా అందుతుంది. క్యాప్షన్‌లో ఒక్క వాక్యమే రాశాను: “ఆలస్యమైన చోట కూడా దేవుని ఉద్దేశం మారలేదు; ఈ రోజు యిర్మీయా 29:4–14 చదవండి.”