పాత మినిట్స్ నుంచి ఒకే పేజీ – పాఠం 3: ‘అనుకున్నాం’ అంటే ఏంది?

పోయిన రెండు పాఠాల్లో సంఘం పాత మీటింగుల్లో రాసుకున్న కాగితాలకు నంబర్లు వేశాం, ప్రతిదాని మీదా తేదీని 2022-06-14 లాగా ఏడాది ముందు పెట్టి రాశాం. (‘14/6’ అని మాత్రమే ఉన్న కాగితం ఏ ఏడాదిదో తేల్చుకోడానికి ఒక సాయంత్రం పట్టింది, గుర్తుందిగా.) ఇప్పుడు అందులోని సంగతిని తీసి పేజీలో పెడదాం.

మన కథలోని అమ్మాయి ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల రైతుల సంఘంలో ఇంటర్న్. ఆమె చేతికి వచ్చినవి 38 కాగితాలు. మొదట అన్నిటినీ తేదీల వరసలో టైప్ చేసేసింది. పని అయిపోయిందనే అనుకుంది. మర్నాడే ఒక రైతు ఫోన్ చేశాడు.

“అమ్మా, సీడ్‌కి ఏ టెస్టులు చేయించాలని మన సంఘంలో అనుకున్నారు?”

సీడ్ అంటే హేచరీల్లో పుట్టించి అమ్మే రొయ్య పిల్లలు, రైతు చెరువులో వదిలేవి అవే. ఆమె Ctrl+F కొట్టి ‘సీడ్’ అని వెతికింది. మొదట 7వ కాగితం కనపడింది: ‘సీడ్‌కి వైట్ స్పాట్ పీసీఆర్ చేయించాలి. హేచరీ రిపోర్ట్ చాలు.’ అదే చదివి చెప్పేసింది. తప్పు అక్కడే జరిగింది. ఎనిమిది నెలల తర్వాత రాసిన 19వ కాగితంలో ఇంకో మాట ఉంది: ‘గ్రోత్ లేదని ముగ్గురు చెప్పారు. ఇ.హెచ్.పి. కూడా చేయిద్దాం అనుకున్నాం.’

ఈ తేడా చిన్నది కాదు. వైట్ స్పాట్ వైరస్ తగిలితే చెరువు రోజుల్లోనే పోతుంది, రైతుకు వెంటనే తెలుస్తుంది. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి అలా కాదు. రొయ్య జీర్ణగ్రంథిలో చేరి ఎదుగుదలను ఆపుతుంది. రొయ్య బతికే ఉంటుంది, మేత ఖర్చు నడుస్తూనే ఉంటుంది, సైజు మాత్రం రాదు.

అందుకే పేజీని తేదీల వరసలో కట్టొద్దు. ఫోన్‌లో రైతు అడిగే ప్రశ్ననే శీర్షికగా పెట్టండి. దాని కింద ఈరోజు చెల్లే జవాబు ఒక్కటే ఉండాలి. పాత జవాబును చెరిపేయకుండా ‘ఇంతకుముందు’ అని కిందికి దించండి. లేకపోతే పాత కాగితం ఇంట్లో దాచుకున్న సభ్యుడు వచ్చి మీరే తప్పు రాశారంటాడు.

అసలు కష్టం మాత్రం ‘అనుకున్నాం’ దగ్గర వస్తుంది. మన భాషలో ఆ మాటకు నిర్ణయించుకున్నాం అనే అర్థం ఉంది, ఊరికే ఆలోచించాం అనీ ఉంది. ‘చూద్దాం అన్నారు’ అని ఉంటే నిర్ణయం కాదని తెలిసిపోతుంది, ‘తీర్మానించాం’ అని ఉంటే గొడవే లేదు. ‘అనుకున్నాం’ అని ఉన్నప్పుడు తర్వాతి కాగితాల్లో దాని జాడ వెతకాలి. పని ఎవరికైనా అప్పజెప్పారా? డబ్బు కట్టారా? 26వ కాగితంలో ‘ఈహెచ్‌పీ టెస్టు బిల్లులో సగం సంఘానిది’ అని ఉంది. డబ్బు కదిలింది కాబట్టి అది నిర్ణయమే.

19లోనే ఇంకో వాక్యం ఉంది: ‘హేచరీ రిపోర్ట్ కాకుండా సొంతంగా చేయిస్తే మంచిది అనుకున్నాం.’ దీనికి తర్వాత ఎక్కడా జాడ లేదు. ఇలాంటి దాన్ని మీరు తేల్చకూడదు, ‘తేలాల్సింది’ అని రాయాలి.

ఇక వెతుకులాట. కంప్యూటర్‌కు అక్షరాలు తెలుసు గానీ అర్థం తెలియదు. ‘విత్తనం’ అని వెతికితే ‘విత్తనాలు’ దొరకదు, ఎందుకంటే సున్నా పోయి దీర్ఘం వచ్చింది. ‘నీరు’ అని కొడితే ‘నీళ్లు’, ‘నీటి’ రెండూ తప్పిపోతాయి. పైగా ఒకే రోగం పేరును ముగ్గురు మూడు రకాలుగా రాశారు. దీనికి మందు, ప్రతి ప్రశ్న కింద ‘వెతికే మాటలు’ అని ఒక వరస పెట్టడమే. అందులో రైతు నోటి మాట కూడా ఉండాలి. ఆ రైతు ఈహెచ్‌పీ అనడు, ‘సైజు రావట్లేదు’ అంటాడు.

ఆమె మళ్లీ రాసింది ఇలా ఉంది:

సీడ్‌కి ఏ టెస్టులు చేయించాలి?
ఇప్పుడు: వైట్ స్పాట్, ఈహెచ్‌పీ రెండూ, పీసీఆర్‌లో. (2023-02-11, కాగితం 19, బిల్లు: కాగితం 26)
ఇంతకుముందు: వైట్ స్పాట్ ఒక్కటే. (2022-06-14, కాగితం 7)
తేలాల్సింది: హేచరీ రిపోర్ట్ సరిపోతుందా, సొంతంగా చేయించాలా? కార్యదర్శిని అడగాలి.
వెతికే మాటలు: విత్తనం, విత్తనాలు, పిల్ల, తెల్లమచ్చ, ఇ.హెచ్.పి., ఇహెచ్‌పి, EHP, గ్రోత్ లేదు, సైజు రావట్లేదు

కాగితం నంబరు తప్పకుండా వేయాలి. అనుమానం వస్తే అసలు కాగితం తీసి చూపించాలి కదా.

కార్యదర్శి ఆ పేజీ చదివి ‘తేలాల్సింది’ దగ్గర ఆగాడు. “ఏందమ్మా, ఇది ఆ రోజే తేల్చేశాం గదా?”

“కాగితంలో లేదు సార్.”

ఆయన కాసేపు ఆలోచించి, వచ్చే మీటింగ్ అజెండాలో రాయమన్నాడు. ఆ రైతుకు మాత్రం ఆమె ఆ సాయంత్రమే ఫోన్ చేసి, రెండో టెస్టు సంగతి చెప్పింది. ఆయన ఇంకా సీడ్ వదల్లేదట.

పాఠం 4కి ముందు మీ కాగితాల్లో ‘అనుకున్నాం’ ఎన్నిచోట్ల ఉందో గీత గీసి ఉంచండి.