మందారం కోసేముందు

మొక్క భాగాల పాఠంలో వేరు, కాండం, ఆకు పిల్లలకు ఇట్టే వచ్చేస్తాయి. మట్టిని బాగా తడిపి మొక్కను పెకలించి, నీళ్లలో జాడిస్తే పిల్లవేర్లు కూడా చాలావరకు తెగకుండా కనిపిస్తాయి. చిక్కంతా పువ్వు దగ్గరే. పేర్లు రాసిన నమూనాలో కేసరాలు విడివిడిగా నిలబడి ఉంటాయి; చేతిలోని మందారంలో అవన్నీ అతుక్కుని ఒకే గొట్టంగా ఉంటాయి. మా పిల్లలు జతపరిచే కాగితంలో ఆ గొట్టానికి ‘కీలం’ అని గీత కలిపేశారు. తప్పు వాళ్లది కాదు, ముందు నమూనా చూపించిన నాది.

ఇప్పుడు పువ్వుతోనే మొదలుపెడుతున్నాను. గొట్టాన్ని బ్లేడుతో నేనే నిలువునా చీలుస్తాను. లోపల దారంలా సాగేదే కీలం. దాని కొసన అయిదు చిన్న గుండ్రాలు కీలాగ్రాలు, అడుగున ఉబ్బుగా ఉన్నది అండాశయం. నమూనా ఆ తర్వాతే, కాగితం చివర్లో.