రాత్రిళ్ళు పిల్లలకి కాళ్ళు పీకుతుంటే: రుద్దితే పోయే నొప్పి ఏది, వెంటనే చూపించాల్సిన నొప్పి ఏది

సమస్య

పగలంతా గెంతులేసిన ఐదేళ్ల పాప పడుకున్న గంటకో రెండు గంటలకో లేచి "అమ్మా కాళ్ళు పీకుతున్నాయి" అని ఏడుస్తుంది, అమ్మో అమ్మమ్మో పక్కన కూర్చుని కాస్త నూనె రాసి పిక్కలు పిసికితే అరగంటలోపే మళ్ళీ నిద్రలోకి జారుకుంటుంది, పొద్దున్నే లేచి ఏమీ జరగనట్టు పరిగెడుతుంది. రెండు మూడు రోజులు ఏమీ ఉండదు, ఆ తర్వాత మళ్ళీ ఓ రాత్రి ఇదే తంతు. ఇంట్లో ఒకరు కాల్షియం తక్కువంటారు, ఒకరు ఆటలెక్కువయ్యాయంటారు, ఇంకొకరు నెట్‌లో ఏదో చదివి బ్లడ్ క్యాన్సరేమో అని భయపడి రాత్రంతా నిద్రపోరు.

ఎక్కువమంది పిల్లల్లో ఇది గ్రోయింగ్ పెయిన్స్, అంటే ఎదుగుదల నొప్పులు, అనే మామూలు నొప్పే. 3 నుంచి 12 ఏళ్ల మధ్య పిల్లల్లో వస్తుంది. ఎముక సాగడం వల్ల వచ్చేది కాదు, అసలు కారణం ఏంటో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు కానీ బాగా ఆడిన రోజు రాత్రి ఎక్కువ వస్తుందని చాలామంది తల్లులు చెప్తారు. కాకపోతే రాత్రిపూట కాళ్ళ నొప్పి అనగానే ఇదే అనుకోకూడదు, అందుకే రెండింటికీ తేడా ఎలా పట్టుకోవాలో రాస్తున్నా.

ముందుగా రాత్రిపూట పిల్లల చెయ్యి ఏం చెప్తుందో చూడండి

నొప్పి ఎక్కడమ్మా అని అడిగితే గ్రోయింగ్ పెయిన్స్ ఉన్న పిల్లలు అరచేత్తో పిక్కో, తొడ ముందు భాగమో, మోకాలి వెనకో మొత్తం నిమిరి చూపిస్తారు. సాధారణంగా రెండు కాళ్ళకీ ఉంటుంది, లేదంటే ఇవాళ ఈ కాలు, ఇంకో రోజు ఆ కాలు. మీరు పిసుకుతుంటే "ఇంకా గట్టిగా" అంటారు, ఆపితే చెయ్యి లాక్కుని మళ్ళీ పెట్టించుకుంటారు. అదే పిల్లాడు ఎప్పుడూ ఒకే కాలు, ఒకే చోటు, ఒక్క వేలితో చూపిస్తున్నాడు, ముట్టుకోబోతే కాలు వెనక్కి లాక్కుంటున్నాడు అంటే అది కండ నొప్పిలా లేదు, ఎముకనో కీలునో అనుమానించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. రుద్దితే తగ్గింది, సిరప్ వేస్తే తగ్గింది అన్న ఒక్క దాంతో నిశ్చింతగా ఉండిపోవద్దు. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అని ఎముకలో వచ్చే చిన్న గడ్డ ఉంది, క్యాన్సర్ కాదు, కానీ రాత్రిళ్ళు బాగా నొప్పి పెడుతుంది, ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందు వేయగానే తీసేసినట్టు తగ్గిపోతుంది. దాన్ని పట్టించేది మందు కాదు, ప్రతి రాత్రీ అదే చోట నొప్పి రావడం.

పొద్దున చూడాల్సినవి రాత్రి కన్నా ముఖ్యం

మంచం దిగి వేసే మొదటి పది అడుగులు చూడండి, అది కూడా పిల్లలకి తెలియకుండా. కుంటుతున్నారా? బిగుసుకుపోయినట్టు నడిచి ఓ అరగంటయ్యాక సర్దుకుంటున్నారా? అలా ఉంటే కీళ్ళవాతం లాంటిది అనుమానించాలి, అది పిల్లలకీ వస్తుంది, అందులో నొప్పి పెద్దగా చెప్పకుండా కుంటడం, మోకాలో చీలమండో వాయడం మాత్రమే కనిపించొచ్చు. తర్వాత బట్టలు మార్చేటప్పుడు రెండు మోకాళ్ళూ పక్కపక్కన పెట్టి వాపుందేమో చూడండి, కాలి ముందు ఎముక మీద బొటనవేలితో పైనుంచి కిందకి మెల్లగా నొక్కుతూ మొహం చూడండి. గ్రోయింగ్ పెయిన్స్‌లో పగలు ఏ ఎముకా నొక్కినా నొప్పి ఉండదు, కుంటడం ఉండదు, ఆట తగ్గదు.

ఒక ఉదాహరణ చెప్తా. ఆరేళ్ల బాబు, కొన్ని వారాలుగా కుడి మోకాలు నొప్పి అంటున్నాడు, రాత్రి నూనె రాస్తే పడుకుంటున్నాడు. మోకాలి ఎక్స్‌రే తీయించారు, నార్మల్. సరే ఎదుగుదల నొప్పే అని వదిలేశారు. కానీ సాయంత్రం ఆడొచ్చాక కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు, కింద బాసింపట్టు వేసుకుని కూర్చోమంటే కుడి మోకాలు ఎడమదానంత కిందకి దిగట్లేదు. ఇది మోకాలి సమస్య కాదు, తుంటిది. తుంటి కీలులో జబ్బున్నా పిల్లలు మోకాలు, తొడ చూపిస్తారు. ఈ వయసు మగపిల్లల్లో పెర్థెస్ అని తుంటి కీలులో ఉండే తొడ ఎముక తలకి రక్తం అందక అది మెత్తబడే జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది, తుంటి ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది, మొదట్లో అది కూడా మామూలుగా ఉండొచ్చు, అప్పుడు ఎమ్మారై అడుగుతారు. కాబట్టి మోకాలు నొప్పి అన్న పిల్లాడికి తుంటి చూడకుండా ఎవరైనా ఏమీ లేదంటే, "తుంటి కూడా ఒకసారి చూడండి సార్" అని మీరే అడగండి.

ఆగకుండా చూపించాల్సినవి

జ్వరం ఉండి కాలు కింద పెట్టనంటే అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, ఎముకలోనో కీలులోనో చీము పట్టి ఉండొచ్చు, అది రేపటిదాకా ఆగేది కాదు.

జ్వరం వచ్చిపోతుండటం, పిల్ల పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, మెడ దగ్గర గడ్డలు, బరువు తగ్గడం, పగలు కూడా నొప్పి, నడుం నొప్పి, ఆడటం మానేసి ఎత్తుకోమనడం, వీటిలో ఏది ఉన్నా ఒకటి రెండు రోజుల్లోనే పిల్లల డాక్టర్‌కి చూపించాలి. ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, కొన్నిసార్లు ఎముకల నొప్పితోనే మొదలవుతుంది. రక్త కణాలు లెక్కపెట్టే సీబీసీతో పాటు ఆ కణాలని మైక్రోస్కోప్‌లో చూసే స్మియర్, ఒంట్లో వాపుని పట్టిచ్చే ఈఎస్ఆర్ అనే రక్త పరీక్ష చేయమని రాస్తారు. మొదట్లో సీబీసీ దాదాపు నార్మల్‌గా రావచ్చు కాబట్టి నొప్పి పెరుగుతూనే ఉంటే రిపోర్ట్ బాగుందని ఊరుకోకుండా మళ్ళీ వెళ్ళండి. ఇంకోటి, ఏంటో తేలకుండా ఎవరైనా స్టెరాయిడ్ సిరప్ ఇస్తే వేయొద్దు, దాంతో నొప్పి కొన్నాళ్ళు తగ్గి ల్యుకేమియా కనపడకుండా మరుగున పడిపోతుంది.

మామూలు నొప్పే అయితే ఏం చేయాలి

పైవేవీ లేకుండా డాక్టర్ పరీక్ష చేసి బాగుందంటే రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు అక్కర్లేదు. నొప్పొచ్చిన రాత్రి గోరువెచ్చని నూనెతో పిక్కలు, తొడలు పిసకండి, వేడి నీళ్ళ కాపడం పెట్టొచ్చు కానీ ముందు మీ ముంజేతి మీద చూసుకోండి. పడుకునే ముందు రోజూ కాలు చాపి పాదాన్ని మోకాలి వైపు మెల్లగా వంచి కాసేపు అలాగే పట్టుకోవడం, బోర్లా పడుకోబెట్టి మడమని పిరుదుల వైపు తీసుకెళ్ళడం, ఇలా పిక్కలూ తొడలూ సాగదీస్తే కొంతమందికి నొప్పి రావడం తగ్గొచ్చు.

మరీ ఏడిస్తే పారాసిటమాల్ వేయొచ్చు, ఒక డోసు కిలోకి 15 మిల్లీగ్రాములు. పాప 16 కిలోలుంటే 240 మిల్లీగ్రాములు, అంటే 5 ఎంఎల్‌లో 120 ఉన్న సీసా అయితే 10 ఎంఎల్, 5 ఎంఎల్‌లో 250 ఉన్నదైతే 5 ఎంఎల్ లోపే. సీసా మీద అంకె చూడకుండా పోయొద్దు, ఇక్కడే డబుల్ డోసు పడిపోతుంది. పిల్లలకి ఆస్పిరిన్ అసలొద్దు. వారంలో చాలా రాత్రులు మందు లేకుండా గడవట్లేదంటే మళ్ళీ చూపించండి. కాల్షియం సిరప్‌తో ఈ నొప్పి పోదు, దొడ్డికాళ్ళు, మణికట్టు లావెక్కడం, ఎండ అసలు తగలకపోవడం లాంటివి ఉంటే విటమిన్ డి టెస్ట్ చేయించాలా అని అడగండి.

డాక్టర్ దగ్గరకి వెళ్ళేముందు ఏ రాత్రి ఏ కాలు, ఎంతసేపు, పొద్దున ఎలా నడిచింది అనేది ఫోన్లో రాసుకోండి, కుంటుతుంటే వీడియో తీసుకోండి, ఎందుకంటే చాలామంది పిల్లలు క్లినిక్‌లో అడుగుపెట్టగానే బాగానే నడుస్తారు.